జాబ్ నంబర్ 217: పాడైన పీసుల ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

బాలానగర్‌లోని ఒక మెషిన్ షాపుకి నేను వారానికి రెండు రోజులు కాస్టింగ్ లెక్కలు చూడటానికి వెళ్తాను. నాలుగు సీఎన్‌సీ మెషిన్లు, ఒక వెల్డింగ్ బే, ఒక చిన్న టెస్టింగ్ గది ఉన్న షాపు అది. అక్కడ ప్రతి ఆర్డరుకీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. మెటీరియల్, మెషిన్ గంటలు, కూలీ అన్నీ ఆ కార్డు మీదే పడతాయి. ఒకరోజు ఓనర్ గారు ఒక కార్డు నా ముందు పెట్టి, "సార్, ఈ కస్టమర్ మనకు వద్దు. ఆరు లక్షల ఆర్డర్ చేస్తే తొమ్మిది వేలు మిగిలింది. మళ్లీ ఇదే ఆర్డర్ పంపిస్తానంటున్నాడు, వద్దని చెప్పేస్తా" అన్నారు.

అది జాబ్ నంబర్ 217. సీఎఫ్8ఎం స్టెయిన్‌లెస్ స్టీల్ కాస్టింగ్‌తో చేసే వాల్వ్ బాడీలు 50, ఒక్కోటి 12,000 రూపాయలకు. ఆర్డర్ వదులుకోవడం చిన్న విషయం కాదు కాబట్టి ఒక రోజు టైమ్ అడిగాను. ఆ కార్డులో నష్టంలా కనిపించిన దానిలో చాలా భాగం ఆ జాబ్‌ది కాదని తేలింది. కొంత నిజంగానే దానిది, కానీ దాన్ని కొటేషన్‌లో ఎవరూ లెక్క వేయలేదు.

కార్డులో ఉన్న లెక్క ఇది. 50 మంచి పీసులు ఇవ్వడానికి 56 కాస్టింగ్‌లు తీసుకున్నారు, ఆరు పాడయ్యాయి. ఒక్కో పీసు మెషినింగ్ పూర్తయ్యేసరికి అయ్యే ఖర్చు 9,600. అందులో కాస్టింగ్ 7,200, నాలుగు గంటల కూలీ 600, అదే నాలుగు గంటలకు గంటకు 450 చొప్పున ఓవర్‌హెడ్ 1,800. ఇలా 56 పీసులకు 5,37,600 అయింది. టెస్టింగ్, ప్యాకింగ్ కలిపి 30,000. తిరిగి చేసిన పనికి 23,200. మొత్తం 5,90,800. అందుకే మిగిలింది 9,200. ఆరు పాడైన పీసుల స్క్రాప్ అమ్మితే వచ్చిన 10,800 మాత్రం ఈ కార్డులో ఎక్కడా లేదు, ఇతర ఆదాయంలోకి పోయింది.

అంటే షాపులో ఈ ఆర్డర్ మెషిన్ మీద ఉన్నప్పుడు ఏ పొరపాటు జరిగినా ఈ కార్డు మీదే రాసేశారు. రాసే వాళ్ల తప్పు కాదు. రిజెక్షన్ నోట్‌లో కారణం రాసే చోటే లేదు. జాబ్ నంబర్, పీసుల సంఖ్య, సంతకం, అంతే.

నేను ఫోర్‌మన్ గారిని తీసుకుని ఒక్కో నోటు కథ అడుగుతూ కూర్చున్నాను. అడిగిన ప్రశ్న ఒకటే: ఆ రోజు ఆ మెషిన్ మీద ఈ ఆర్డర్ కాకుండా ఇంకో ఆర్డర్ ఉంటే ఇది జరిగేదా? జరిగేదే అయితే అది షాపు మామూలు ఖర్చు, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లోకి వెళ్లాలి. ఈ ఆర్డర్ ప్రత్యేక షరతు వల్లే జరిగితే జాబ్ మీదే ఉండాలి. పని సరిగ్గా నడిచే షాపులో అసలు జరగకూడనిదైతే ఈ రెండింటిలోనూ చేరకూడదు, నేరుగా లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి.

సీటు మీద ఎర్ర చుక్కలు

పాడైన ఆరింటిలో నాలుగు టెస్టింగ్ గదిలో పోయాయి. ఈ కస్టమర్ ప్రతి బాడీలోనూ వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు మీద డై పెనెట్రెంట్ టెస్ట్ చేయాలని ఆర్డర్‌లో రాశాడు. ఆ షాపులో వేరే ఏ ఆర్డర్‌కీ ఆ షరతు లేదు. ఫోర్‌మన్ గారు నాకు ఒక పాడైన పీసు మీద మళ్లీ చేసి చూపించారు. సీటును శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు ద్రవం పూశారు. కాసేపు ఆగి, పైనున్నదంతా గుడ్డతో తుడిచేశారు. కంటికి అద్దంలా మెరుస్తోంది. తర్వాత తెల్ల డెవలపర్ స్ప్రే చేశారు. రెండు మూడు నిమిషాల్లో ఆ తెల్లదనం మీద గుండుసూది మొన అంత ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. కాస్టింగ్ లోపలి గ్యాస్ రంధ్రాలు అవి, పొరోసిటీ అంటారు. పైపొర ఉన్నంతవరకు కనిపించవు, బోర్ చేసి ఆ పొర తీసేశాక బయటపడతాయి.

"పీసు బోర్ చేస్తే గానీ లోపల ఏముందో ఎవరికి తెలుస్తది సార్" అన్నారు ఆయన. నిజమే. ఫౌండ్రీని అడిగితే, మీ కొనుగోలు ఆర్డర్‌లో కంటితో చూసే తనిఖీ తప్ప ఇంకేమీ రాయలేదు, మేం డబ్బు ఇవ్వం అన్నారు. ఆర్డర్ తీసి చూశాను. వాళ్లు చెప్పింది కరెక్టే.

ఇవే కాస్టింగ్‌లు వేరే కస్టమర్‌కి వెళ్లి ఉంటే ప్రెజర్ టెస్ట్‌లో పాసై బిల్లు కూడా అయ్యేవి. పీసులు పోయింది ఈ కస్టమర్ అడిగిన గట్టి పరీక్ష వల్ల. అలాంటి పరీక్ష పెడితే కొన్ని పోతాయని ముందే తెలుసు. కాబట్టి ఇది ఈ జాబ్‌కి మామూలుగా వచ్చే నష్టమే, జాబ్ మీదే ఉంచాలి. దాన్ని ఓవర్‌హెడ్‌లోకి తోస్తే ఆ పరీక్ష అడగని కస్టమర్లందరూ దాని ఖర్చు పంచుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ జాబ్ కార్డులో చేయాల్సిన మార్పు ఒకటే, స్క్రాప్ విలువ తగ్గించడం. మెషినింగ్ తర్వాత ఒక్కో బాడీ పది కిలోలు తూగుతుంది. కిలో 180 చొప్పున, జీఎస్టీ కాకుండా, 1,800 వస్తుంది. నాలుగింటికి 7,200. ఆ మొత్తాన్ని జాబ్ ఖర్చులోంచి తీసి స్క్రాప్ స్టాకుకి రాస్తాం. మిగిలిన నష్టం పీసుకి 7,800 చొప్పున 31,200. అది 50 మంచి పీసుల ధరలో కలిసిపోతుంది. దానికి వేరే ఎంట్రీ ఏమీ అక్కర్లేదు, ఖర్చు ఇప్పటికే జాబ్‌లో ఉంది కదా.

ఫినిషింగ్ సంగతీ ఇంతే. ఈ కస్టమర్ సీటు నునుపు 0.8 ఆర్‌ఏ లోపు అడిగాడు. పది పీసులు మొదటిసారి ఆ కొలత అందుకోలేదు. మళ్లీ గంటసేపు పాలిష్ పట్టారు. పీసుకి 700 చొప్పున 7,000. ఇదీ జాబ్ మీదే.

ఇన్సర్ట్ విరిగిన రెండు

మిగతా రెండు పీసులు ఆఖరి ఆపరేషన్‌లో ఇన్సర్ట్, అంటే టూల్ చివర లోహాన్ని కోసే ముక్క, విరిగి గీత పడి పోయాయి. ఒకసారి కరెంటు పోయి స్పిండిల్ మధ్యలో ఆగింది, ఇంకోసారి ఇన్సర్ట్ అరిగిపోయి ఉంది. గత ఏడాది రిజెక్షన్ నోట్ల కట్ట మొత్తం తిరగేస్తే, వాల్వ్ బాడీలు, షాఫ్టులు, బుష్‌లు అనే తేడా లేకుండా నెలకు ఒకటో రెండో పీసులు ఇలాగే పోతున్నాయి. ఎవరి పీసు ఆ టైమ్‌లో చక్‌లో ఉంటే వాళ్లది పోతుంది. దాన్ని ఆ కస్టమర్ జాబ్ మీద రాయడం అంటే అదృష్టం బాగాలేదని బిల్లు వేయడమే.

కాబట్టి ఆ రెండు పీసుల పూర్తి ఖర్చు 19,200 జాబ్‌లోంచి బయటికి రావాలి. రెండూ ఆఖరి ఆపరేషన్‌లో పోయాయి కాబట్టి 9,600 చొప్పున పూర్తిగా తీశాం. మధ్యలో పోయి ఉంటే అప్పటిదాకా పడిన గంటలే తీయాలి. దీని కోసం నోటు మీద ఏ ఆపరేషన్ దగ్గర పోయిందో ఉండాలి. ఎంట్రీ ఇలా రాశాం:

స్క్రాప్ స్టాకు ఖాతా డెబిట్ 3,600
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ ఖాతా డెబిట్ 15,600
జాబ్ 217, పనిలో ఉన్న సరుకు ఖాతా క్రెడిట్ 19,200

ఓవర్‌హెడ్‌లోకి వెళ్లేది నికర నష్టం 15,600 మాత్రమే. చాలా షాపుల్లో 19,200 ఓవర్‌హెడ్‌లో వేసి స్క్రాప్ డబ్బు ఇతర ఆదాయంలో చూపిస్తారు. అప్పుడు ఏడాది చివర మొత్తం లాభం మారదు గానీ, వచ్చే ఏడాది గంట రేటు లేనిపోని ఎత్తులో తయారవుతుంది.

నైట్ షిఫ్ట్‌లో ఆరు బోర్లు

ఎక్కువసేపు వాదన నడిచింది దీని మీదే. ఒక రాత్రి ఆపరేటర్ టూల్ మార్చాక, మెషిన్‌కి టూల్ కొలత చెప్పే ఆఫ్‌సెట్ తప్పు ఎక్కించాడు. ఆరు బాడీల బోర్లు పెద్దవయ్యాయి. కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, వెల్డింగ్‌తో లోపల మెటల్ నింపి మళ్లీ బోర్ చేశారు. వెల్డింగ్‌కి పీసుకి 1,500, రెండు గంటల మెషిన్ పనికి 1,200. ఆరింటికి 16,200.

ఓనర్ గారు ఇది ఓవర్‌హెడ్‌లో వేద్దామన్నారు. మనుషులన్నాక తప్పులు చేస్తారు, ఆఫ్‌సెట్ తప్పు ఎక్కించడం ఏ జాబ్‌లోనైనా జరుగుతుంది కదా అని. ఆ మాటలో సగం నిజం ఉంది. పాత నోట్లు చూస్తే ఆఫ్‌సెట్ తప్పులు అప్పుడప్పుడు కనిపిస్తాయి, కానీ ప్రతిసారీ ఒక్క పీసుతో ఆగిపోయాయి. ఎందుకంటే ఆ షాపు పద్ధతి ప్రకారం టూల్ మార్చిన ప్రతిసారీ మొదటి పీసును క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కొలిచి సంతకం పెట్టాకే రెండోది మొదలుపెట్టాలి. ఆ రాత్రి తనిఖీ కాగితం ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టర్ సెలవులో ఉన్నాడు, బదులు ఎవరినీ పెట్టలేదు.

అందుకే ఆరింటినీ ఒకే గాటన కట్టలేదు. పద్ధతి పాటించినా మొదటి పీసు ఎలాగూ పెద్దదయ్యేదే. అది షాపు మామూలు నష్టం. దాని 2,700 ఓవర్‌హెడ్‌కి. మిగతా ఐదు పీసులు తనిఖీ లేకపోవడం వల్లే పాడయ్యాయి. ఆ 13,500 అసాధారణ నష్టం. అది జాబ్‌లో గానీ ఓవర్‌హెడ్‌లో గానీ ఉండకూడదు:

ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ ఖాతా డెబిట్ 2,700
లాభనష్టాల ఖాతా, అసాధారణ నష్టం డెబిట్ 13,500
జాబ్ 217, పనిలో ఉన్న సరుకు ఖాతా క్రెడిట్ 16,200

ఇంత చిన్న మొత్తాన్ని ఇలా విడదీయడం అవసరమా అని అకౌంటెంట్ అడిగాడు. నా అభిప్రాయంలో అవసరమే. 13,500 ఓవర్‌హెడ్‌లో కలిసిపోతే అది ఎవరి కంటికీ కనపడదు. వచ్చే ఏడాది రేటులో చేరి, ఇన్‌స్పెక్టర్ లేని రాత్రుల ఖర్చు కస్టమర్లు కట్టడం మొదలవుతుంది. లాభనష్టాల ఖాతాలో ఒక లైనుగా కనిపిస్తే ఓనర్ ఎందుకని అడుగుతారు. ఈ ఓనర్ అడిగారు కూడా, ఆ వారంలోనే నైట్ షిఫ్ట్‌కి రెండో ఇన్‌స్పెక్టర్‌ని పెట్టారు.

ఇంకో కారణం కూడా ఉంది. మార్చి 31 నాటికి జాబ్ పూర్తికాకుండా స్టాకులో ఉంటే, అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ప్రకారం అసాధారణంగా వృథా అయిన మెటీరియల్, కూలీ స్టాకు విలువలో చేర్చకూడదు, ఆ ఏడాది ఖర్చుగానే చూపాలి. విడదీసి ఉంచకపోతే ఆడిట్ టైమ్‌లో మళ్లీ తవ్వాల్సి వస్తుంది.

ఇప్పుడు జాబ్ 217 ఖర్చు మళ్లీ చూడండి. 5,90,800లోంచి పొరోసిటీ పీసుల స్క్రాప్ 7,200, ఇన్సర్ట్ విరిగిన పీసులు 19,200, బోర్ రీవర్క్ 16,200 తీసేస్తే 5,48,200. పీసుకి 10,964. లాభం 9,200 కాదు, 51,800.

గంట రేటులో దాగిన రెండో వడ్డన

ఇక్కడితో ఆపి ఉంటే సగం పనే అయ్యేది. గంటకు 450 ఓవర్‌హెడ్ రేటు ఎలా వచ్చిందని అడిగాను. ఏడాదికి 54,00,000 ఓవర్‌హెడ్, 12,000 మెషిన్ గంటలు. ఆ 54 లక్షల్లో "రిజెక్షన్, రీవర్క్" పేరుతో 6,00,000 ఉంది. అంటే గంటకు 50 రూపాయలు. అంతకు ముందు ఏడాది జరిగిన అన్ని రకాల నష్టాలూ కలిపి వచ్చిన అంకె అది.

అంటే ఈ షాపులో ప్రతి జాబ్ గంటకు 50 చొప్పున రిజెక్షన్ ఖర్చు ముందే కడుతోంది. పైన మళ్లీ తన పీసు పాడైతే అది కూడా తన కార్డు మీదే పడుతోంది. ఒకే ఖర్చు రెండుసార్లు. ఏడాది చివర ఓవర్‌హెడ్ ఎక్కువ వసూలైనట్టు తేలుతుంటే, పని బాగా నడిచింది కాబట్టి అనుకునేవారు. ఎక్కడైనా ఈ లక్షణం కనిపిస్తే నేను మొదట చూసేది రేటులో రిజెక్షన్ వాటా ఉందా, జాబ్ కార్డుల మీదా రిజెక్షన్ పడుతోందా అని.

ఏడాది నోట్లన్నీ అదే ప్రశ్నతో విడదీశాం. మూడు సాయంత్రాలు పట్టింది. 6,00,000లో అన్ని జాబ్‌లకూ ఉమ్మడిగా వచ్చేది 2,40,000. ఫలానా ఆర్డర్ షరతుల వల్ల వచ్చినది 2,10,000. అసాధారణం 1,50,000. రేటులో ఉండాల్సింది మొదటిది మాత్రమే. అప్పుడు ఓవర్‌హెడ్ 50,40,000, రేటు గంటకు 420.

ఏడాది మధ్యలో రేటు మార్చలేదు, ఏప్రిల్ నుంచి మారుద్దామని అనుకున్నాం. కాబట్టి పైన చెప్పిన 10,964లో కూడా ఆ పాత బరువు కొంత ఉంది. జాబ్‌లో మిగిలిన 226 గంటలకు 30 చొప్పున 6,780. దాన్ని కార్డులో దిద్దలేదు, కొటేషన్ వేసేటప్పుడు గుర్తుంచుకోమని పక్కన రాసి పెట్టాను. ఈ 30 రూపాయల దెబ్బ నిజంగా తగిలింది తేలికైన పనుల మీద. ఏ ప్రత్యేక పరీక్షా లేని బుష్‌లు, షాఫ్టుల కొటేషన్లలో కష్టమైన జాబ్‌ల రిజెక్షన్ కూడా కలిసి వెళ్తోంది. వంద గంటల ఆర్డర్‌లో 3,000 తేడా అంటే, పక్క వీధిలోని షాపుకి ఆ ఆర్డర్ పోవడానికి చాలు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ధర ఖరారైన ఆర్డర్‌లో ఓనర్లకు నష్టాన్ని ఓవర్‌హెడ్‌లోకి తోయాలనిపిస్తుంది, జాబ్ బాగా కనిపిస్తుంది కాబట్టి. ఖర్చు మీద ఇంత శాతం అని బిల్లు వేసే ఆర్డర్‌లో అదే నష్టాన్ని జాబ్ మీద వేయాలనిపిస్తుంది, కస్టమర్ కడతాడు కాబట్టి. విరిగిన ఇన్సర్ట్ రెండు చోట్లా ఒకటే. అందుకే కారణం ఏ ఖాతాకి వెళ్తుందో ఆఫీసులో కాకుండా షాపు ఫ్లోర్ మీద, పీసు పాడైన రోజే, ఫోర్‌మన్ చేత రాయిస్తున్నాం. కొత్త రిజెక్షన్ నోట్‌లో మూడు గళ్లు పెట్టాం: ఆర్డర్ షరతు, షాపు మామూలు, జరగకూడనిది. పక్కన ఏ ఆపరేషన్ దగ్గర అన్నది. బిల్లు పద్ధతి ఫోర్‌మన్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మళ్లీ వచ్చిన ఆర్డర్

రెండో ఆర్డర్ అదే 50 బాడీలకు, అదే ధరకు వచ్చింది. మొదటి కొటేషన్‌లో ఖర్చు పీసుకి 10,200 అనుకున్నారు. అంటే 9,600కి టెస్టింగ్, ప్యాకింగ్ 600 కలిపారు, పొరోసిటీ గానీ రెండోసారి పాలిష్ గానీ అందులో లేవు. అవి కలిపితే అదనం 38,200, పీసుకి 764. ఓనర్ గారు ధర పెంచమని అడుగుదామన్నారు. దానికంటే ముందు ఫౌండ్రీతో మాట్లాడదామన్నాను.

కొత్త కొనుగోలు ఆర్డర్‌లో ఒక వాక్యం చేర్చాం: మెషినింగ్ తర్వాత సీటు మీద పొరోసిటీ కనిపిస్తే ఫౌండ్రీ ఆ పీసు వెనక్కి తీసుకుని కొత్త కాస్టింగ్ ఇవ్వాలి. మన మెషిన్ గంటలకు వాళ్లు డబ్బు ఇవ్వరు, దానికి ఒప్పుకోలేదు. అయినా పోయిన పీసుకి నష్టం 7,800 నుంచి 2,400కి దిగింది, అంటే కూలీ, ఓవర్‌హెడ్ మాత్రమే. నాలుగు పీసులు పోతాయనుకుంటే 9,600, పాలిష్ 7,000 కలిపి 16,600. పీసుకి 332. ఖర్చు 10,532 అయింది. 12,000కే ఆర్డర్ తీసుకున్నారు.

రెండో లాటులో మూడు పీసులు ఎర్ర చుక్కలతో పోయాయి. రెండింటికి ఫౌండ్రీ కొత్త కాస్టింగ్‌లు పంపింది. మూడోదానికి ఒప్పుకోలేదు. కాస్టింగ్ మీద ఫౌండ్రీ వేసిన హీట్ నంబర్ ఫ్లేంజ్ ముఖం మీద ఉండేది, ఫేసింగ్‌లో అది కొట్టుకుపోయింది. ఇది మా కాస్టింగే అని రుజువేమిటి అన్నారు. ఆ పీసు నష్టం 7,800 జాబ్ కార్డు మీదే రాశాం, "ఆర్డర్ షరతు" గడిలో టిక్కుతో. ఇప్పుడు కాస్టింగ్‌లు రాగానే మెషిన్ ఎక్కించే ముందే హీట్ నంబర్‌ను ఫ్లేంజ్ అంచు మీద పంచ్ కొట్టి, అదే నంబర్ జాబ్ కార్డులోనూ రాస్తున్నారు.